మదనపల్లె బాణీ – పది థాట్‌ల కొలత

1919వ సంవత్సరం ఫిబ్రవరి నెల. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు రవీంద్రనాథ ఠాకూరు అతిథిగా వచ్చారు. అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కళాశాలకు అధ్యక్షులు జేమ్స్ కజిన్స్. ఐర్లండు దేశీయులైన ఆ కవి ఠాకూరుకు మిత్రులు. ఒకనాటి సభలో విద్యార్థుల ఎదుట విశ్వకవి తాము రచించిన ఒక బంగాళీ గీతాన్ని స్వయంగా పాడి వినిపించారు. భాష తెలియకపోయినా పల్లవి వచ్చినప్పుడల్లా పిల్లలు గొంతు కలిపారట. కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం క్షుణ్ణంగా నేర్చిన విదుషి. ఆమె ఆ బాణీని స్వరలిపిలో వ్రాసుకొన్నారు. ఫిబ్రవరి 28వ తేదీన ఆ గీతానికి ఆంగ్లానువాదాన్ని కవి అక్కడే సిద్ధం చేశారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి వినిపించి, 1950 జనవరి 24న జాతీయగీతంగా నిలిచిన ‘జనగణమన’ కథలో మదనపల్లె ఘట్టం ఇది.

ఈ చరిత్ర బడిపిల్లలు చాలమంది ఎరుగుదురు. కాని అదే గీతం గురించి వేరొక ప్రశ్న వేస్తే సమాధానం అంత తేలికగా రాదు. ఆ పాట ఏ రాగం? పుస్తకాలలో సాధారణంగా కనిపించే జవాబు ‘అల్హైయా బిలావల్’ అని. ఆ రాగం ఏ థాట్‌లోనిది? ‘బిలావల్ థాట్’ అని. పరీక్షలో ఈ రెండు మాటలు వ్రాస్తే మార్కులు వస్తాయి. అయితే పాటను పక్కన పెట్టుకొని, ఒక్కొక్క స్వరాన్నీ పలికి చూస్తే ఆ రెండు మాటలూ కొంత కదులుతాయి. ఎందుకు కదులుతాయో విచారిస్తే హిందుస్థానీ సంగీతంలో రాగాలను వర్గీకరించే థాట్ పద్ధతి ఏమిటో, దాని శక్తి ఎంతో, దాని హద్దు ఎక్కడో ఒక్క పాటలోనే బోధపడుతుంది.

ముందుగా థాట్ అంటే ఏమిటో చూడాలి. ఆ మాటకు చట్రం అనీ, అమరిక అనీ అర్థం చెప్పుకోవచ్చు. సప్తస్వరాలలో షడ్జ పంచమాలు కదలనివి. తక్కిన అయిదింటికీ రెండేసి రూపాలు ఉన్నాయి. రిషభ గాంధార ధైవత నిషాదాలు తమ స్థానంలో ఉంటే శుద్ధం, కిందికి దిగితే కోమలం. మధ్యమం మాత్రం పైకి జరిగి తీవ్రమవుతుంది. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క రూపాన్నే ఎంచుకొని ఏడింటినీ వరుసగా పేరిస్తే అది ఒక థాట్. అది వట్టి లెక్క. దానిని ఎవరూ పాడరు. దానికి అవరోహణ చెప్పనక్కరలేదు, చెవికి ఇంపుగా ఉండనక్కరలేదు. రాగం పాడేది, థాట్ ఆ రాగాన్ని ఉంచే అర.

దక్షిణదేశపు విద్యార్థి ఇక్కడ ఒక చోట తరచు తడబడతాడు. ఉత్తరాదివారు శుద్ధ రిషభమన్నది మన చతుశ్రుతి రిషభం. మన శుద్ధ రిషభం వారికి కోమల రిషభం. అందువల్ల ‘అన్నీ శుద్ధస్వరాలే’ అన్న మాట ఉత్తరాదివారి నోట వింటే శంకరాభరణం గుర్తుకు రావాలి. అదే వారి బిలావల్ థాట్. పేర్లలో కూడా ఇటువంటి ఉచ్చులు ఉన్నాయి. వారి భైరవి థాట్ మన తోడి మేళం. వారి తోడి థాట్ మన శుభపంతువరాళి. పేరును బట్టి పోల్చితే దారి తప్పుతాము, స్వరాన్ని బట్టి పోల్చితేనే గమ్యం చేరుతాము.

ఈ పద్ధతిని నేటి రూపంలో నిలిపినవారు బొంబాయి న్యాయవాది విష్ణు నారాయణ భాత్‌ఖండే. ఆయన 1860లో జన్మించి 1936లో గతించారు. వారి కాలానికి ఉత్తరాదిన రాగాలను కుటుంబాలుగా చెప్పే ఆచారం ఉండేది. ఆరుగురు పురుష రాగాలు, వారికి భార్యలు, బిడ్డలు. కల్పన అందమైనదే. కాని ఏ రాగం ఎవరి భార్య అన్న విషయంలో గ్రంథానికీ గ్రంథానికీ పొత్తు లేదు. భార్యగా చెప్పిన రాగానికీ భర్తగా చెప్పిన రాగానికీ ఒక్కొక్కచోట స్వరసామ్యమే లేదు. చూచి నిర్ణయించడానికి వీలైన ఆధారం ఒకటి భాత్‌ఖండేకు కావలసి వచ్చింది.

ఆ ఆధారం ఆయనకు దక్షిణదేశంలో కనిపించింది. 1904లో ఆయన మద్రాసు మొదలుకొని దక్షిణాది సంగీతక్షేత్రాలు తిరిగారు. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులను దర్శించారు. ఆ సంవత్సరమే దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయింది. ఆ మహాగ్రంథం వ్రాసింది తెలుగు భాషలో, తెలుగు లిపిలో. పదిహేడవ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో చెప్పిన 72 మేళాల ఏర్పాటుకు నాడు దీక్షితుల వంశం జీవంతమైన నిక్షేపం. అంతకుముందే 1550లో విజయనగర కాలపు పండితుడు రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’లో రాగాలను మేళాల కింద సర్దాడు. స్వరాలను బట్టి రాగాలకు ఇల్లు కట్టే విద్య ఈ విధంగా దక్షిణాదిన ముదిరిన విద్య. భాత్‌ఖండే దానిని ఉత్తరాది అవసరానికి తగినట్లు మార్చుకొన్నారు.

ఆ మార్పును ఒక చిన్న లెక్కలో చూడవచ్చు. వేంకటమఖి లెక్కలో మధ్యమాలు రెండు, రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు. రెండును ఆరుతో, మళ్లీ ఆరుతో హెచ్చిస్తే 72. ఇందులో 40 మేళాలలో వివాది స్వరాలు ఉన్నాయి. ఒకే స్వరస్థానానికి రెండు పేర్లు పెట్టుకొని పక్కపక్కనే రెండు స్థానాలను రిషభ గాంధారాలుగానో, ధైవత నిషాదాలుగానో పలికించేవి అవి. ఉత్తరాదివారు ఆ ఏర్పాటును అంగీకరించరు. వారి లెక్కలో అయిదు స్వరాలకు రెండేసి రూపాలు కనుక, రెండును అయిదుమార్లు హెచ్చిస్తే 32. 72లో నుంచి 40 తీసివేస్తే మిగిలేదీ 32. రెండు దారులూ ఒకే చోట కలిశాయి.

కాని భాత్‌ఖండే 32ను ఉంచలేదు. అందులో పదింటినే తీసుకొన్నారు. కల్యాణ్, బిలావల్, ఖమాజ్ అనే మూడు శుద్ధ రిషభ గాంధార ధైవతాలు గలవి. భైరవ్, పూర్వీ, మార్వా అనే మూడు కోమల రిషభం, శుద్ధ గాంధారం గలవి. కాఫీ, ఆసావరి, భైరవి, తోడి అనే నాలుగు కోమల గాంధారం గలవి. ఈ మూడు గుంపులకూ రాగాలు పాడే వేళలకూ సంబంధం ఉన్నదని ఆయన చూపారు. కోమల రిషభ శుద్ధ గాంధారాల జంట ఎక్కువగా సూర్యోదయ సూర్యాస్తమయాల సంధివేళ రాగాలలో కనిపిస్తుంది. పది ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉన్నది. నాడు గాయకులు నిజంగా పాడుతున్న రాగాలను ఆయన పోగుచేశారు. ఆ పోగు ఏ అరలలో ఇముడుతుందో ఆ అరలనే చేశారు. 1910లో చతురపండితుడన్న మారుపేరుతో వెలువరించిన సంస్కృత గ్రంథానికి ఆయన పెట్టిన పేరు ‘శ్రీమల్లక్ష్యసంగీతం’. లక్షణం కన్న ముందు లక్ష్యాన్ని, అంటే పాడే పాటను, నిలిపిన మనిషి ఆయన.

ఇప్పుడు మదనపల్లె బాణీకి తిరిగి వద్దాము. పాట షడ్జంతో ఎత్తుకొని, రిషభం మీదుగా గాంధారం చేరి అక్కడ నిలుస్తుంది. మధ్యమాన్ని చూచి దిగివచ్చి, మంద్ర నిషాదాన్ని తాకి షడ్జంలో విశ్రమిస్తుంది. ఇంతవరకు అన్నీ శుద్ధస్వరాలే. బిలావల్ అన్న మాటకు లోటు లేదు. పిమ్మట దేశంలోని ప్రాంతాల పేర్లు వరుసగా వచ్చేచోట బాణీ పంచమం మీద నిలిచి నడుస్తుంది. ఆ పాదం చివర, పంచమం నుంచి ధైవతానికి పోయే ముందు, ఒక్క క్షణం తీవ్ర మధ్యమం తగులుతుంది. వెంటనే తరువాతి పాదం శుద్ధ మధ్యమంతో మొదలవుతుంది. హార్మోనియం మీద మెల్లగా వాయిస్తే ఈ రెండు మధ్యమాలు రెండు వేర్వేరు మెట్లని ఏ విద్యార్థికైనా కంటికే కనిపిస్తుంది.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బిలావల్ థాట్‌లో తీవ్ర మధ్యమం లేదు. తీవ్ర మధ్యమం గల కల్యాణ్ థాట్‌లో శుద్ధ మధ్యమం లేదు. ఒక్కొక్క స్వరానికి ఒక్క రూపమే అన్న నియమం మీద కట్టిన అరలో రెండు మధ్యమాలు గల బాణీ ఎట్లా ఇముడుతుంది? ఇది ఈ పాటకు మాత్రమే వచ్చిన ఇబ్బంది కాదు. కేదార్, హమీర్, కామోద్, ఛాయానట్, గౌడ సారంగ్ రాగాలలో రెండు మధ్యమాలు ఉన్నాయి. వాటిని భాత్‌ఖండే కల్యాణ్ థాట్‌లో చేర్చారు. బిహాగ్‌లోనూ నేడు రెండు మధ్యమాలు పలుకుతున్నాయి. దానిని బిలావల్ థాట్‌లో ఉంచారు. ఒకే లక్షణం గల రాగాలు రెండు ఇళ్లలో చేరాయంటే ఏ మధ్యమం ముఖ్యం, ఏది అతిథి అన్న తీర్పు చెవి ముందే చెప్పిందన్నమాట. థాట్ ఆ తీర్పును నమోదు చేసింది, తాను తీర్పు చెప్పలేదు.

అల్హైయా అన్న రెండవ మాట ఇంకా విచిత్రమైనది. బిలావల్ రాగాలలో నేడు విరివిగా పాడేది అల్హైయా బిలావలే. దాని గుర్తు ఏమిటి? అవరోహణలో రెండు ధైవతాల నడుమ కోమల నిషాదం చిన్నగా మెరవడం. ఆ మెరుపు లేనిదే రసికుడు దానిని అల్హైయా అని ఒప్పుకోడు. కాని బిలావల్ థాట్‌లో కోమల నిషాదానికి చోటు లేదు! థాట్‌కు ప్రతినిధిగా పాడే రాగమే థాట్ గడప దాటి నిలబడి ఉన్నది. మరి మదనపల్లె బాణీలో ఆ కోమల నిషాదం ఉన్నదా? లేదు. పై స్థాయిలో జయధ్వానం చేసేచోట వచ్చేదీ శుద్ధ నిషాదమే. కనుక ఆ పాటకు అల్హైయా గుర్తు లేదు, అల్హైయాలో లేని తీవ్ర మధ్యమం ఉన్నది. బాణీ పోకడ బిలావల్ వంశానిదని చెప్పడం సబబు. అంతకు మించి ఒక రాగం పేరుతో బిగించడం సౌకర్యం కోసం చేసిన పని. ఇది ఒక గీతపు వరుస, రాగాలాపన కాదు. కవి రాగనియమాన్ని కాపాడాలని దానిని కూర్చలేదు.

ఇటువంటి చోట దక్షిణాది పద్ధతి ఒక మర్యాద పాటించింది. మేళంలో లేని స్వరం రాగంలోకి వస్తే దానిని అన్యస్వరమనీ, ఆ రాగాన్ని భాషాంగ రాగమనీ అన్నారు. కాంభోజి హరికాంభోజి మేళంలోనిది, అయినా కాకలి నిషాదం వచ్చి పోతుంది. భైరవి నఠభైరవి మేళంలోనిది, అయినా చతుశ్రుతి ధైవతం పలుకుతుంది. చుట్టానికి కూడా చావడిలో ఒక పీట వేసినట్లు, మేళం హద్దును ఒప్పుకొంటూనే హద్దు దాటినదానికి ఒక పేరు పెట్టారు. థాట్ పద్ధతిలో అటువంటి ప్రత్యేకమైన తరగతి లేదు. ‘రెండు నిషాదాలు’, ‘రెండు మధ్యమాలు’ అని రాగం పక్కన వ్రాసి ఊరుకొంటారు.

స్వరాలు ఎక్కువైనప్పుడు వచ్చే చిక్కు ఇది. తక్కువైనప్పుడు వచ్చే చిక్కు వేరు. దానిని పరీక్షించడానికి బడిలోని హార్మోనియం చాలును. దాని నల్ల మెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడు మెట్ల గుంపులో మొదటిదానిని షడ్జంగా పట్టుకొని వరుసగా నల్ల మెట్లనే నొక్కితే స, రి, గ, ప, ధ అన్న అయిదు స్వరాలు పలుకుతాయి. దక్షిణాది పిల్లవాడు వినగానే మోహనమంటాడు. ఉత్తరాది పిల్లవాడు భూపాలీ అంటాడు. ఇది ఏ థాట్? మధ్యమం లేదు కనుక అది శుద్ధమో తీవ్రమో తెలియదు. నిషాదం లేదు కనుక అది శుద్ధమో కోమలమో తెలియదు. ఆ రెండు ఖాళీలను శుద్ధస్వరాలతో నింపితే బిలావల్. తీవ్ర మధ్యమం, శుద్ధ నిషాదం పెడితే కల్యాణ్. శుద్ధ మధ్యమం, కోమల నిషాదం పెడితే ఖమాజ్. మూడూ తప్పు కాదు, మూడింటికీ రుజువు లేదు.

జరిగినది చూడండి. భూపాలీని భాత్‌ఖండే కల్యాణ్ థాట్‌లో ఉంచారు. మన లక్షణకారులు మోహనాన్ని హరికాంభోజి జన్యమన్నారు. హరికాంభోజి అంటే ఖమాజ్ థాట్. ఇక సరిగ్గా అవే అయిదు స్వరాలతో ఉత్తరాదిన దేశ్‌కార్ అన్న మరొక రాగం ఉన్నది. దానిని బిలావల్ థాట్‌లో చేర్చారు. ఒకే అయిదు మెట్లు మూడు ఇళ్లలో కాపురమున్నాయి.

దీనిని పద్ధతిలోని తప్పని కొందరు నవ్వవచ్చును. కాని భూపాలీని, దేశ్‌కార్‌ను పాడి విన్నవారు నవ్వరు. భూపాలీలో జీవం గాంధారం. పాట మాటిమాటికీ అక్కడికే దిగివచ్చి కూర్చుంటుంది. నడక మంద్ర మధ్య స్థాయిలలో, షడ్జానికి చేరువగా సాగుతుంది. అది రాత్రి తొలిజాము రాగం. దేశ్‌కార్‌లో జీవం ధైవతం. పాట పై షడ్జం వైపే చూస్తుంది, రిషభాన్ని బలంగా నిలపదు. అది ప్రాతఃకాల రాగం. భూపాలీ పాడుతూ గాయకుడు ధైవతం మీద కొంచెం ఎక్కువసేపు నిలిచాడంటే, పక్కనున్న గురువు వెంటనే చెయ్యెత్తి ఆపుతాడు. స్వరం తప్పలేదు, రాగం మారిపోయింది. ఈ రెండింటినీ వేరుచేసి చూపాలన్న కోరికతోనే వాటిని రెండు థాట్‌లలో పెట్టారు. భూపాలీ నడక కల్యాణ్‌ను తలపిస్తుంది, దేశ్‌కార్ నడక ప్రొద్దుటి బిలావల్‌ను తలపిస్తుంది. ఇక్కడ థాట్ స్వరాలను బట్టి నిర్ణయమైనది కాదు, నడకను బట్టి నిర్ణయమైనది. స్వరాలే కొలత అని మొదలుపెట్టిన పద్ధతి, అవసరమైనచోట నిశ్శబ్దంగా నడకను కూడ కొలతగా స్వీకరించింది.

నడకను లెక్కించనిచోట దానికి చూపు ఆనదు. మార్వా, పూరియా, సోహనీ అన్న మూడు రాగాలు ఉన్నాయి. మూడింటిలోనూ పంచమం లేదు. కోమల రిషభం, తీవ్ర మధ్యమం, తక్కినవి శుద్ధం. ఆరు స్వరాలూ సమానమే. మూడూ మార్వా థాట్‌లోనే ఉన్నాయి. మార్వా రిషభ ధైవతాల మీద నిలిచి షడ్జాన్ని చాలసేపు తప్పించుకొని తిరుగుతుంది. పూరియా గాంధార నిషాదాల మీద వాలి మంద్రస్థాయిలో లోతులు వెదుకుతుంది. సోహనీ తారస్థాయిలో మిలమిలలాడుతుంది. వినేవానికి ఇవి మూడు లోకాలు, థాట్‌కు ఒకటే అర. పైగా మార్వా థాట్‌లో పంచమం ఉన్నది, ఆ థాట్‌కు పేరిచ్చిన మార్వా రాగంలో పంచమం లేదు.

ఇక ఇల్లే లేని రాగాల మాట. అహీర్ భైరవ్‌లో పూర్వాంగం భైరవ్‌ది, ఉత్తరాంగం కాఫీది. మన చక్రవాక మేళం అదే. పదింటిలో దానికి సరిపోయే అర లేదు కనుక భైరవ్‌లో సర్దారు. దక్షిణాది నుంచి ఉత్తరాదికి వెళ్లిన చారుకేశి, కీరవాణి రాగాల స్థితి కూడా ఇంతే. మన పట్టికలో అవి 26వ, 21వ మేళాలు, స్వతంత్రులు. పది థాట్‌లలో వాటి స్వరాలు కలిసేది ఒక్కటీ లేదు. పదిని 32 చేస్తే వీటికి చోటు దొరుకుతుంది. కాని లలిత్‌కు అప్పటికీ దొరకదు. లలిత్‌లో పంచమం లేదు, రెండు మధ్యమాలు ఒకదాని పక్కన ఒకటి పలుకుతాయి. ఆ పలుకే ఆ రాగపు ప్రాణం. భాత్‌ఖండే దానిని శుద్ధ ధైవతంతో గ్రహించి మార్వాలో చేర్చారు. నేడు ఎక్కువమంది కోమల ధైవతంతో పాడుతున్నారు కనుక ఆ లెక్కన అది పూర్వీకి చేరువ కావాలి. మధ్యమం ఒక్కటే అన్న నియమం మీద కట్టిన పట్టికలో, అది పదయినా, 32 అయినా, 72 అయినా, లలిత్ పూర్తిగా ఇమడదు.

ఓంకారనాథ ఠాకూర్ వంటి మహాగాయకులు థాట్ పద్ధతిని అంగీకరించకపోవడానికి ఇటువంటి కారణాలు ఉన్నాయి. అయినా ఆ పద్ధతి పాఠశాలలలో నిలిచింది. కారణం కూడా స్పష్టమే. వందలకొద్దీ రాగాల ఎదుట కొత్త విద్యార్థి నిలబడినప్పుడు, వేళ్లను ఏ మెట్ల మీద ఉంచాలో అది ఒక్క మాటలో చెబుతుంది. ఆ తరువాతి మాట వాది సంవాదులు, పకడ్ అనే ముఖ్యసంచారం, పాడే వేళ చెప్పాలి. భాత్‌ఖండే స్వయంగా ప్రతి రాగానికీ ఇవన్నీ చెప్పారు. థాట్‌తోనే పాఠం ముగించినవారు ఆయన పుస్తకంలో మొదటి పంక్తి చదివి మూసినవారు.

ఈ మాటకు తిరుపతిలో ఒక సాక్ష్యం ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలు వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కి తిరుమల కొండమీద భద్రపరచారు. ప్రతి కీర్తనకూ రాగం పేరు చెక్కారు. సామంతం, దేసాక్షి, పాడి, గుండక్రియ, ఆహిరి, ఇట్లా పేర్లు స్ఫుటంగా ఉన్నాయి. కాని స్వరాలు చెక్కలేదు. అన్నమయ్య 1503లో పరమపదించారు. రామామాత్యుడు మేళాలు వ్రాసింది అందుకు దాదాపు అర్ధశతాబ్ది తరువాత. నాటి పాటగాండ్రకు రాగం పేరు చెబితే చాలు, నడక నాలుకమీద ఉండేది. ఆ నాలుకల వరుస తెగిపోయిన తరువాత పేరు మిగిలింది, పాట పోయింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు తిరుపతిలో ఆ కీర్తనలకు మళ్లీ స్వరకల్పన చేయవలసి వచ్చింది. దేసాక్షి ఏ మేళమో పట్టికలో చూచి తెలుసుకోవచ్చును. ఆ ఒక్క మాట ఆధారంగా అన్నమయ్య పాడిన దేసాక్షిని తిరిగి పొందలేము.

మదనపల్లెలో జరిగినది దీనికి సరిగా తలక్రిందులు. అక్కడ రాగం పేరు ఎవరూ చెక్కలేదు. రాగలక్షణం తెలియని ఒక ఐరిష్ వనిత, విన్న స్వరాలను విన్నట్లు వ్రాసుకొన్నారు. పేరు తరువాత వచ్చింది, దాని మీద వాదమూ తరువాతే వచ్చింది. బాణీ మాత్రం మిగిలింది.

కనుక ‘జనగణమన’ ఏ థాట్ అని అడిగితే, బిలావల్ అని వ్రాసిన విద్యార్థిని తప్పు పట్టనక్కరలేదు. కాని ఆ మాట కింద మరి రెండు పంక్తులు వ్రాసిన విద్యార్థి ఉంటే అతడు పాటను నిజంగా విన్నాడని ఉపాధ్యాయుడు గ్రహించాలి. ఆ పంక్తులు ఇవి: ఇందులో బిలావల్‌కు చెందని తీవ్ర మధ్యమం ఒకచోట వస్తుంది. అల్హైయాకు గుర్తయిన కోమల నిషాదం ఎక్కడా రాదు.